ఎక్కువ అమ్మిన కూపనే ఎక్కువ తెచ్చిందా?

ప్రశ్న: మాది మంగళగిరి దగ్గర ఊరు. నేనూ మా వారూ కొన్నేళ్లుగా చేనేత చీరలు సొంత వెబ్‌సైట్‌లో అమ్ముతున్నాం. మొన్న 2025 దసరాకు తొలిసారి మూడు కూపన్లు పెట్టాం. పాత కస్టమర్లకు వాట్సాప్‌లో WA15 పంపాం. దాని మీద 15 శాతం తగ్గింపు. మెసేజీలకు రూ.2,000 అయ్యింది, 200 ఆర్డర్లు వచ్చాయి. మా మరిది చూసుకున్న ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలకు INSTA10 పెట్టి రూ.60,000 ఖర్చు చేస్తే 120 ఆర్డర్లు వచ్చాయి. చీరల మీద వీడియోలు చేసే ఒకావిడకు రూ.30,000 ఇచ్చాం. ఆవిడ VLOG10తో 40 ఆర్డర్లే వచ్చాయి. మా వారి లెక్కలో ఒక్కో ఆర్డరుకు వాట్సాప్‌లో 10 రూపాయలు, ఇన్‌స్టాలో 500, వీడియోకు 750 పడింది. వచ్చే దసరాకు వీడియో మానేసి, వాట్సాప్‌లో అందరికీ 20 శాతం ఇద్దామంటున్నారు. వీడియో ఆవిడను తెచ్చింది నేను కాబట్టి, నేనేం చెప్పినా ఆమె తరఫున మాట్లాడినట్టే ఉంటోంది. ఇన్ని ఆర్డర్లు పంపినా పండగయ్యాక చేతిలో డబ్బు కనపడలేదు. సంక్రాంతి కూడా వెళ్లిపోయింది. ఆర్డర్ల షీటు జతచేశాను. ఎక్కడ తప్పుతోందో చెప్పండి.

సమాధానం: షీటు మొత్తం చూశాను. ఫోన్ నంబరు, కూపను, డెలివరీ అయిందా లేదా అన్నవి ప్రతి ఆర్డరుకూ రాసిపెట్టారు కాబట్టే మీకు గట్టి సమాధానం చెప్పగలుగుతున్నాను. మీ వారి భాగాహారంలో తప్పు లేదు. కానీ ఆ లెక్కలో లేని ఖర్చు ఉంది, ఉండకూడని ఆర్డర్లు ఉన్నాయి. రెండూ సరిచేస్తే మూడు కూపన్ల వరస మారిపోతుంది.

ముందు ఒక చీర మీద మీకేం మిగులుతుందో చూద్దాం. షీటు ప్రకారం సగటు ఆర్డరు రూ.2,000. నేతగారికిచ్చే ధర, ప్యాకింగ్, కొరియర్, పేమెంట్ గేట్‌వే కమీషన్, పన్ను అన్నీ పోను రూ.700 మిగులుతోంది. 10 శాతం కూపన్ వాడితే ఆ 700 కాస్తా 500 అవుతుంది. 15 శాతం వాడితే 400, 20 శాతం ఇస్తే 300. తగ్గింపు శాతం చీర ధర మీద వేసేది, కానీ అది పోయేది మాత్రం మీ మిగులులోంచే. 15 శాతం తగ్గింపు అంటే మీ చేతికి రావాల్సిన దానిలో దాదాపు 43 శాతం వదులుకున్నట్టు. ఈ లెక్కలో ఒక జాగ్రత్త ఉంది. కూపను తగ్గింపును మిగులులోంచి తీసేయండి, లేదా ఖర్చు కింద రాయండి. రెండు చోట్లా రాస్తే ఒకే డబ్బును రెండుసార్లు పోగొట్టుకున్నట్టు కనపడుతుంది.

ఇప్పుడు ఇన్‌స్టా సంగతి. 120 ఆర్డర్లలో 30 వెనక్కొచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం క్యాష్ ఆన్ డెలివరీవే, కొరియర్ అబ్బాయి వెళితే తలుపు తీయనివీ ఫోను ఎత్తనివీ. వెనక్కొచ్చిన ప్రతి పార్శిలుకూ రానూ పోనూ రూ.150 చొప్పున రూ.4,500 పోయింది. అంటే ఖర్చు రూ.64,500, నిజంగా అమ్ముడైనవి 90. ఆ 90లో 20 నంబర్లు మీ పాత కస్టమర్లవే. వాళ్లు మీ వాట్సాప్ జాబితాలోనూ ఉన్నారు, ప్రకటన కూడా చూశారు, కొనేటప్పుడు చేతికి దొరికిన కోడ్ కొట్టారు. వాళ్లను తేవడానికి మీరు ప్రకటనకు డబ్బు పెట్టాల్సిన పనిలేదు. మిగిలిన కొత్తవాళ్లు 70 మంది. ఒక్కో కొత్త కస్టమరుకు పడింది రూ.921.

వీడియో ఆవిడ 40లో నాలుగే వెనక్కొచ్చాయి. వాటి రూ.600 కలిపితే ఖర్చు రూ.30,600. డెలివరీ అయినవి 36, అందులో పాతవాళ్లు ముగ్గురు, కొత్తవాళ్లు 33. ఒక్కో కొత్త కస్టమరుకు రూ.927. అంటే మీ వారి లెక్కలో 500కీ 750కీ మధ్య కనపడిన తేడా ఇక్కడికొచ్చేసరికి ఆరు రూపాయలు. మొదటి కొనుగోలు వరకే చూస్తే రెండూ నష్టమే, ఎందుకంటే ఒక్కో ఆర్డరు మీద మిగిలింది 500. ఇన్‌స్టాలో రూ.19,500, వీడియోలో రూ.12,600 లోటు. పండగయ్యాక చేతిలో డబ్బు కనపడకపోవడానికి ఇదొక కారణం. రెండో కారణం ఇంకా పెద్దది, దాని సంగతి తర్వాత చెబుతాను.

పండగ ప్రచారంలో మొదటి అమ్మకం మీద నష్టం వస్తే కంగారుపడక్కర్లేదు, అదే మనిషి మళ్లీ వస్తే. అందుకే ఎంతమంది తిరిగొచ్చారో చూడాలి. ఎన్నాళ్ల లోపు అన్నది ముందే గీత గీసుకోవాలి. మీ ప్రచారం సెప్టెంబరు 12న మొదలైంది. 100 రోజులని గీత గీస్తే, మొదట్లో కొన్నవాళ్లకు డిసెంబరు చివరికే గడువు ముగిసి సంక్రాంతి కొనుగోళ్లు లెక్కలోకి రావు. అందుకని ఎవరికి వాళ్లకే, చీర అందిన రోజు నుంచి 120 రోజులు చూశాను. ఇన్‌స్టా కొత్తవాళ్లు 70 మందిలో ఏడుగురు తిరిగొచ్చారు, ఆ ఏడింటిలో అయిదు మళ్లీ 10 శాతం కూపన్‌తోనే. వాటి మీద మిగిలింది రూ.3,900. వీడియో చూసి వచ్చిన 33 మందిలో 12 మంది తిరిగొచ్చి 15 ఆర్డర్లు పెట్టారు, అందులో 12 పూర్తి ధరకే. మిగులు రూ.9,900. దీంతో వీడియో లోటు రూ.2,700కి దిగింది. ఇన్‌స్టా లోటు ఇంకా రూ.15,600 దగ్గరే ఉంది.

దీన్ని బట్టి వీడియో గొప్పది, ఇన్‌స్టా చెడ్డది అని తీర్మానించకండి. 33 మంది చాలా చిన్న సంఖ్య. ఆ 12 మందిలో నలుగురు అక్కచెల్లెళ్లో, ఒకే ఇంటి పెళ్లి కోసం కొన్నవాళ్లో అయితే వచ్చే ఏడు ఆ నలుగురూ రాకపోవచ్చు. వాళ్లను తీసేసినా 33లో ఎనిమిది మంది ఉంటారు, నలుగురిలో ఒకరికి దగ్గర. ఇన్‌స్టాలో పదిమందికి ఒకరు. కాబట్టి తేడా ఉందని నమ్మొచ్చు, అది ఎంత అన్నది మాత్రం ఇంకో ఏడాది చూస్తేగానీ తేలదు. అసలు కారణం నాకు తోచినంతలో ఇది: ఆవిడ వీడియోలో నిజాం బోర్డర్ అంటే ఏమిటో, నూలు చీర మొదటి ఉతుకుకు ఎలా ఉంటుందో ఇరవై నిమిషాలు విని కొన్నవాళ్లకు ఏం కొంటున్నారో తెలుసు. ప్రకటనలో తగ్గింపు చూసి నొక్కినవాళ్లకు గుర్తుండేది తగ్గింపే.

కూపన్‌కు ఒక పరిమితి ఉంది. కొనేటప్పుడు ఆ గడిలో ఏం కొట్టారన్నదే అది చెబుతుంది. ఎవరి మాట విని వచ్చారన్నది చెప్పదు. వీడియో పెట్టిన మర్నాటి నుంచి మూడు రోజులు మీ షీటులో ఏ కూపనూ లేని ఆర్డర్లు 27 ఉన్నాయి. మామూలు రోజుల్లో అలాంటివి రోజుకు నాలుగు. అంటే అదనంగా పదిహేను దాకా వీడియో వల్లే వచ్చి ఉండొచ్చు, కోడ్ గుర్తులేక పూర్తి ధరకు కొన్నారు. దీన్ని నేను పై లెక్కలో కలపలేదు, రుజువు లేదు కనుక. వచ్చే దసరాకు ఆర్డరు అయ్యాక కనపడే పేజీలో "మా గురించి ఎక్కడ విన్నారు?" అని ఒక్క ప్రశ్న పెట్టండి. ఇలాంటి చిక్కే ఇన్‌స్టా వైపు తిరగేసి ఉంటుంది. మీ మరిది చూసే ప్రకటనల ప్యానెల్ మామూలు అమరికలో ప్రకటన నొక్కిన ఏడు రోజుల్లోపు కొన్నవాళ్లనే కాక, నొక్కకుండా కేవలం చూసి ఒక రోజులోపు కొన్నవాళ్లనూ తన ఖాతాలోనే వేసుకుంటుంది. అందుకే ఆయన చూపించే సంఖ్య 120 కంటే ఎక్కువ ఉండొచ్చు. ఆయన అబద్ధం చెప్పడం లేదు, ఆ ప్యానెల్ లెక్కపెట్టే పద్ధతే అది. దాన్నీ కూపన్లనూ కలిపి కూడకండి.

కొత్తవాళ్లెవరో పాతవాళ్లెవరో మీరే తేల్చుకోవడానికి షీటులో రెండు గళ్లు చాలు. మొదలుపెట్టిన నాటి నుంచీ ఉన్న ఆర్డర్లన్నీ తేదీ వరసలో ఒకే చోట ఉండాలి. ఫోన్ నంబర్లు B2 గడి నుంచి కిందికి ఉన్నాయనుకుంటే, H2 గడిలో మొదటి సూత్రం, I2 గడిలో రెండోది వేసి కిందిదాకా లాగండి.

```
=RIGHT(SUBSTITUTE(B2," ",""),10)
=COUNTIF(H$2:H2,H2)
```

మొదటిది ముందున్న 91నీ మధ్యలో ఖాళీలనూ తీసేసి పది అంకెలు మిగులుస్తుంది. ఇది చేయకపోతే ఒకే మనిషి ఇద్దరిలా కనపడుతుంది, కొత్తవాళ్ల సంఖ్య ఉబ్బుతుంది. రెండోది 1 చూపిస్తే ఆ నంబరుకు అదే తొలి ఆర్డరు, 2 అంటే రెండోది. భర్త నంబరుతో ఒకసారి, భార్య నంబరుతో ఒకసారి కొంటే ఇది పట్టుకోలేదు. చిరునామాలు ఒకసారి కళ్లతో చూసుకోండి.

ఇక వాట్సాప్. మీ వారికి నచ్చిన మార్గం ఇదే, నన్ను ఎక్కువ కలవరపెట్టిందీ ఇదే. 200లో డెలివరీ అయినవి 190. ఒక్కో దాని మీద రూ.300 తగ్గించారు, అంటే రూ.57,000. మెసేజీల రూ.2,000 పక్కన ఈ అంకె ఎక్కడా రాయలేదు, ఎందుకంటే అది ఎవరికీ చెల్లించిన బిల్లు కాదు, రాకుండా పోయిన డబ్బు. ఇన్‌స్టా ప్రకటనలకు పెట్టిన దానికి దాదాపు సమానం.

ఆ తగ్గింపు లేకపోయినా ఈ 190 మందిలో ఎంతమంది కొనేవాళ్లు? దీనికి జవాబు మీ షీటులోనే ఉంది. 2024 దసరాకు కూపన్లేమీ లేవు. అప్పుడు మీ జాబితాలో 900 నంబర్లు, దసరాకు ముందు ఇరవై రోజుల్లో వాళ్లు కొన్నవి 126. అంటే 14 శాతం. 2025లో జాబితా 1,250. అదే 14 శాతం వేస్తే కూపన్ లేకుండానే 175 వచ్చేవి. కూపన్ వల్ల పెరిగినవి సుమారు 15. ఆ 175 ఆర్డర్లు పూర్తి ధరకైతే మీకు మిగిలేది రూ.1,22,500. కూపన్‌తో 190 అమ్మితే మిగిలింది రూ.76,000. పండగ డబ్బు ఎక్కడికి పోయిందని అడిగారు కదా, పెద్ద ముక్క ఇక్కడ ఉంది. రెండు దసరాలూ అన్నివిధాలా ఒకటి కావు కాబట్టి 175 అన్నది అంచనాయే. అది 150 అని తగ్గించుకున్నా మిగులు లక్షా అయిదు వేలు.

ఇప్పుడు మీ వారు చెప్పిన 20 శాతం చూద్దాం. ఆర్డరుకు 300 మిగులుతుంది. కూపన్ లేకుండా వచ్చే రూ.1,22,500 రావాలంటే 409 ఆర్డర్లు కావాలి. 1,250 మందిలో ముగ్గురికొకరు కొనాలి. అది అసాధ్యమని నేను అనను. కానీ అన్ని చీరలు సరైన సమయానికి నేయించగలరా, ఆ తర్వాత సంక్రాంతికి పూర్తి ధరకు ఎవరైనా కొంటారా అన్నవి ఆయనను కూర్చోబెట్టి అడగాల్సిన ప్రశ్నలు. ప్రతి దసరాకూ తగ్గింపు వస్తుందని అలవాటైనవాళ్లు ఆగస్టులో కొనరు, ఆగుతారు.

పాతవాళ్లకు ఏమీ ఇవ్వకుండా ఉండటం ఇంకో దారి. దానిలో ఇబ్బంది ఏమిటంటే, నిరుడు తగ్గింపు తీసుకున్నవాళ్లు ఈసారి లేదని చిన్నబుచ్చుకోవచ్చు. మధ్యలో ఒక దారి ఉంది, నాకు అదే నచ్చింది. కొత్త చీరలు వెబ్‌సైట్‌లో పెట్టేముందు రెండు రోజులు పాతవాళ్లకే చూపించండి, ఫాల్ కుట్టి, పికో చేయించి పంపండి. మీకు అయ్యేది 300 కంటే చాలా తక్కువ, వాళ్లకు దర్జీ దగ్గర ఒక పని తప్పుతుంది. ఒకే రంగు, ఒకే అంచు రెండు మూడే ఉండే చేనేతలో ముందుగా చూడటానికి విలువుంది.

ఏది మంచిదో నా మాట మీదా, మీ వారి మాట మీదా వదిలేయకుండా తేల్చుకోవచ్చు. ఫోన్ నంబరు చివరి అంకె 3 గానీ 7 గానీ ఉన్నవాళ్లను పక్కన పెట్టండి, సుమారు 250 మంది అవుతారు. వాళ్లకు కూపన్ లేకుండా, ముందుగా చూసే అవకాశం, ఫాల్, పికో మాత్రమే. మిగిలినవాళ్లకు మీ వారు కోరిన కూపన్. దసరా అయ్యాక నూటికి ఎందరు కొన్నారో, ఎంత మిగిలిందో రెండువైపులా చూడండి. 250లో 35 ఆర్డర్లు వస్తాయనుకుంటే, నాలుగైదు అటూ ఇటూ అయితే దానికి అర్థం లేదు. రెండింతలు తేడా వస్తే ఉంది. కూపన్ మాత్రం ఒక నంబరుకు ఒక్కసారే పనిచేసేలా పెట్టాలి. అందరికీ ఒకే కోడ్ ఇస్తే సాయంత్రానికి బంధువుల గ్రూపుల్లోకి వెళ్లిపోతుంది, పరీక్ష పాడవుతుంది. ఎవరైనా "నాకెందుకు రాలేదు" అని అడిగితే ఇచ్చేయండి, షీటులో గుర్తు పెట్టుకోండి, మనిషిని నొప్పించకండి.

కొత్తవాళ్ల కోసం ఎంత ఖర్చు పెట్టొచ్చన్నదానికి ఇప్పుడు మీ దగ్గర హద్దు ఉంది. వీడియో ద్వారా వచ్చిన మనిషి మీద మొదటి ఆర్డరుకు 500, తర్వాత 120 రోజుల్లో సగటున 300. మొత్తం 800. ఇన్‌స్టా మనిషి మీద 500కు 56 కలిపితే 556. ఈ హద్దు దాటి పెట్టిన ప్రతి రూపాయీ ఏడాది తర్వాత వస్తుందన్న ఆశ మీద పెట్టినది.

వీడియో ఆవిడను మానేయకండి, బేరం మార్చండి. ముందు రూ.15,000, ఆపైన డెలివరీ అయిన ప్రతి కొత్త కస్టమరుకూ రూ.300 అని అడిగి చూడండి. ఇవే 33 మంది వస్తే మొత్తం, రిటర్నులతో కలిపి, రూ.25,500, మనిషికి 773. ఆవిడ ఒప్పుకోకపోవచ్చు. పండగ ముందు ఇలాంటివాళ్లకు గిరాకీ ఉంటుంది కాబట్టి ఆగస్టులోపే మాట్లాడాలి. పాత ధరకే ఇవ్వాల్సివస్తే, వచ్చేది మీ హద్దు మీద కొంచెం నష్టమని తెలిసే ఇవ్వండి.

ఇన్‌స్టాను ఆపమనీ చెప్పను. అక్కడ మొదట సరిచేయాల్సింది రిటర్నులు. క్యాష్ ఆన్ డెలివరీ కావాలంటే ముందుగా రూ.100 కట్టించుకుని, పంపేముందు వాట్సాప్‌లో ఒకసారి ఖాయం చేసుకోండి. 120కి 12 మాత్రమే వెనక్కొస్తే 108 డెలివరీ అవుతాయి, కొత్తవాళ్లు 84 దాకా ఉంటారు, మనిషికి 736కు దిగుతుంది. వంద అడగడం వల్ల కొన్ని ఆర్డర్లు అసలు రావు, అది ఒప్పుకోవాలి. పైగా 736 కూడా 556 హద్దుకు పైనే. అందుకే ఈసారి బడ్జెట్ సగానికి తగ్గించి, మీ మరిదికి కొత్త లక్ష్యం ఇవ్వండి: డెలివరీ అయిన కొత్త కస్టమరుకు ఎంత పడింది. ఆయన ఇంతవరకూ ఎక్కువ ఆర్డర్లు తెమ్మంటే తెచ్చారు. ఈ సంగతి ఇంట్లో మాట్లాడేటప్పుడు మీరే ముందు అనండి, అప్పుడు షీటు ఎవరి మీదా నేరపత్రంలా ఉండదు.

తేదీల విషయంలో 2026 కొంచెం భిన్నం. ఈ ఏడు అధిక జ్యేష్ఠం వస్తోంది, మే 17 నుంచి జూన్ 15 దాకా. దానివల్ల దసరా లాంటి తిథి పండగలు ఆలస్యంగా వస్తాయి. నిరుడు దసరా అక్టోబరు 2, ఈసారి అక్టోబరు 20. కాబట్టి సెప్టెంబరును సెప్టెంబరుతో పోల్చి అమ్మకాలు పడిపోయాయని భయపడొద్దు. దసరాకు ఎన్ని రోజుల ముందు అన్న వరసలో పోల్చండి. నిరుడు సెప్టెంబరు 12 నుంచి నడిపినది ఈసారి సెప్టెంబరు 30 నుంచి అవుతుంది. నిరుడు జీతాలు పడేసరికే పండగ వచ్చేసింది. ఈసారి ఒకటో తారీకు జీతాలకూ పండగకూ మధ్య మూడు వారాలకు దగ్గరగా ఉంది. కొరియరుకు నాలుగైదు రోజులు, జాకెట్టు కుట్టించుకోవడానికి వారం పది రోజులు తీసేస్తే, కొనేవాళ్లు నిర్ణయించుకునేది అక్టోబరు 1కీ 6కీ మధ్య. ఖర్చులో ఎక్కువ భాగం అక్కడ పెట్టండి. తెలంగాణ కస్టమర్లకు ఇంకా ముందే చెప్పాలి, బతుకమ్మ అక్టోబరు 10 ప్రాంతంలోనే మొదలవుతుంది.

ఇంకొకటి. నిరుడు దసరాకూ సంక్రాంతికీ ఎడం వంద రోజులు దాటింది, ఈసారి తొంభై లోపే. తిరిగొచ్చేవాళ్లు త్వరగా వచ్చినట్టు కనపడుతుంది, అది మీ ప్రచారం గొప్పతనం కాకపోవచ్చు. 120 రోజుల గీతను మాత్రం మార్చకండి. ఈసారి చివరి చీరలు అక్టోబరు 18 ప్రాంతంలో అందుతాయి, కాబట్టి ఫిబ్రవరి మూడో వారం దాకా ఆగి లెక్క తీయండి. అధిక మాసంలో పెళ్లిళ్లు ఉండవు, మీకు ఆర్డర్లు పల్చబడతాయి. ఆ నెల రోజుల్లో పాత నంబర్లన్నీ శుభ్రం చేసుకుని, ఆ రెండు సూత్రాలూ వేసి, మీ వారితో కలిసి 190 ఆర్డర్ల లెక్క మళ్లీ మొదటి నుంచి చేయండి. నా అంకెల్లో ఎక్కడైనా మీ ఖర్చు తక్కువ పడితే, ముఖ్యంగా ఆ 700 మిగులు తప్పైతే, పై హద్దులన్నీ దాంతోపాటే మారతాయి.